తామరకు షాపులో అడిగి తెచ్చిన క్రీము రాయకండి

అందరికీ నమస్కారం. మన బ్లాకులో ఒక బాబుకు నడుము దగ్గర తామర వచ్చింది. మందుల షాపు వాళ్లిచ్చిన క్రీము రాస్తే రెండు రోజుల్లోనే దురద, ఎరుపు తగ్గాయి. ఆపగానే మచ్చ అరచేయంత అయింది. గుండ్రటి అంచు చెరిగిపోయి, చూస్తే తామర అని కూడా అనిపించడం లేదు.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. అది ఘాటైన స్టెరాయిడ్. ఎరుపును అణచిపెడుతుంది కానీ తామరకు కారణమైన ఫంగస్‌ను చంపదు. చర్మం ఎదురు తిరగకపోవడంతో ఫంగస్ హాయిగా పాకుతుంది. పైగా పిల్లల చర్మం పలచబడి, చారలు పడితే పూర్తిగా పోవు.

క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్‌లలో ఏ పేరున్నా డాక్టర్ రాయనిదే వాడకండి. ఇప్పటికే వాడుతుంటే ఆ ట్యూబు పట్టుకునే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. తామర తలలో వచ్చి, పొలుసులతో జుట్టు ఊడుతుంటే పైపూత చాలదు, నోటి మందు కావాలి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ చూపించండి.