ఈ దసరాకి లేత్ బెడ్ మీద బొట్టు లేదు

"ఏంటన్నా, ఈసారి మా సామాన్లకి బొట్టు పెట్టవంట? బొట్టు లేకుండా ఆయుధ పూజ ఏంది?"

పెడతాను, కానీ అన్నిచోట్లా కాదు. రంగు లేని ఇనుము ఎక్కడ నున్నగా మెరుస్తుంటే అక్కడ తడి పసుపు, గంధం, కుంకుమ పడనివ్వను. మన లేత్ బెడ్, డ్రిల్లింగ్ మెషీన్ టేబుల్, మీరు పూజలో పెట్టమని తెచ్చిచ్చే వెర్నియర్లు, మైక్రోమీటర్లు అన్నీ ఇందులోకే వస్తాయి.

పోయిన దసరాకి ఒక పాత కస్టమర్ మైక్రోమీటర్ పాడైంది. తప్పు నాదే. నవమి సాయంత్రం దాని మీద పెట్టిన తడి పసుపు జారి రెండు మొహాల మధ్యకి చేరింది. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాటిదాకా కదపం కాబట్టి రాత్రంతా ఆ తడి ఇనుముని అంటుకునే ఉంది. తీసేసరికి గోధుమరంగు మచ్చ. మూస్తే సున్నా మీద ఆగాల్సింది 0.02 మి.మీ. చూపించింది. అంటే అది 20.00 చూపినప్పుడు షాఫ్టు నిజానికి 19.98 ఉంటుంది, బేరింగ్ వదులైపోతుంది. ఎమరీ కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు మొహం చదును కూడా పోతుంది. కొత్తది కొనిచ్చాను. కార్బైడ్ మొహాలుంటే అక్కడ తుప్పు పట్టదు గానీ, స్పిండిల్‌కి ఎలాగూ పడుతుంది.

దానికి తోడు కుంకుమ గొడవ. ఏళ్ల తరబడి నాకు పూజాసామాను ఇచ్చే దుకాణం వాళ్లు పోయినసారి ఇచ్చింది అసలు కుంకుమే కాదు, రంగు కలిపిన పొడి. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపే అసలు కుంకుమ. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్లీ పసుపురంగుకి తిరుగుతుంది. వీళ్లది చుక్క వేసినా ఎర్రగానే ఉంది. మెషీన్ రంగు మీద, లెక్కల పుస్తకం అంచుల మీద అంటిన మరక ఇప్పటికీ పోలేదు. అదే పసుపు మరకైతే నాలుగు రోజుల ఎండకి వెలిసిపోయేది. పొట్లం తీసుకెళ్లి చూపిస్తే, అందరూ ఇదే తీసుకెళ్తున్నారు, మీకొక్కరికే వచ్చింది ఇబ్బంది అన్నారు. మళ్లీ ఆ గడప తొక్కలేదు, తొక్కను కూడా. ఈసారి పొట్లం విప్పగానే నిమ్మచుక్క పరీక్ష, ఆ తర్వాతే పళ్లెంలోకి.

కొలత సామాన్లు పూజకి అసలు తీసుకోకూడదా అని నెలరోజులు తర్జనభర్జన పడ్డాను. వద్దంటే మీరు చిన్నబుచ్చుకుంటారు, తీసుకుంటే మళ్లీ అదే భయం. చివరికి తీసుకుందామనే అనుకున్నాను. అయితే పెట్టెలోనే ఉంచి తెండి. పలచగా నూనె రాసి, పెట్టె మూసి, బొట్టు మూత మీద పెడతాను. పెట్టె లేకపోతే నూనెగుడ్డలో చుట్టి, పైన తెల్లకాగితం చుట్టి, ఆ కాగితానికి పెడతాను. ఇందులో మాత్రం బతిమాలినా వినను.

లేత్‌కి చేసేది ఇదీ. ముందు మెయిన్ స్విచ్ తీసేసి, చక్ కీ బయటికి తీస్తాం. రజను ఊడ్చి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, పొడిగుడ్డ వేశాక బెడ్ మీద 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ పలచగా రాస్తాం. బొట్టు హెడ్‌స్టాక్ రంగు మీదే. కోసిన నిమ్మకాయ బెడ్ దరిదాపుల్లోకి కూడా రాదు, దాని పులుపు పోత ఇనుముని పసుపు కంటే తొందరగా తింటుంది. బంతిదండ హెడ్‌స్టాక్ మూతకి నూలుదారంతో కడతాం, చక్‌కి జానెడు ఎడంగా ఆగేలా. చక్‌కే దండ వేస్తే చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ తీసేటప్పుడు దారం ముక్క దవడల మధ్య మిగిలిపోతే మెషీన్ వెయ్యగానే చుట్టుకుంటుంది, అక్కడ చెయ్యి ఉంటే చెయ్యిని కూడా లాక్కుంటుంది. అందుకే దండలు తీశాక చక్‌ని చేత్తో ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూస్తాం, మోటారు ఫ్యాన్ జాలీలో రేకులు ఇరుక్కున్నాయేమో చూసి తీసేస్తాం. స్విచ్ వేసేది ఆ తర్వాతే.

బళ్లకి పెద్ద మార్పేం లేదు. ఎండలో కాలిన ట్యాంకు మీద గంధం పెట్టించకండి, నీడలో చల్లారనివ్వండి, ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడిచేయండి. ఆటోలు, కార్లు బయల్దేరే ముందు అద్దానికి, రేడియేటర్ జాలీకి అడ్డంగా ఉన్న దండలు తీసేయండి. పుస్తకాలకి అట్ట మీద తెల్లకాగితం వేసి దాని మీద బొట్టు పెట్టండి, ఆరేదాకా ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు.

పూజకి ఇచ్చే సామాన్లు నవమి మధ్యాహ్నంలోగా చేర్చండి, పెట్టె మీద పేరు రాయడం మర్చిపోకండి. దసరా మర్నాడు మెషీన్లు ఒక గంట ఆలస్యంగా మొదలవుతాయి, ఆ గంట దండలు విప్పడానికి, చక్ తిప్పి చూడ్డానికి.