మీ ట్రాన్స్‌లేషన్ యాప్‌లో "రేపు రాత్రి", "వచ్చే శుక్రవారం" గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ వాళ్ళకి,

చీమకుర్తి, 18 నవంబర్ 2025

నమస్కారం అండీ. మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది, గెలాక్సీ స్లాబులు ఎక్స్‌పోర్ట్ చేస్తాం. అమెరికాలో హ్యూస్టన్‌లో ఒక బయ్యర్ ఉన్నారు, ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీష్ అంతంత మాత్రం, అందుకే మీ యాప్‌లో డబ్బులు కట్టి ప్లాన్ తీసుకుని ఏడాదిగా మాట్లాడుకుంటున్నాం. రేట్లు, సైజులు, మందం అన్నీ బానే వస్తన్నాయి, అది నేను కాదనను. టైము మాట దగ్గరే మీ యాప్ మమ్మల్ని ముంచింది, ఒక్కసారి కాదు, మూడు వారాల లోపే మూడుసార్లు. పోయిన వారం మీకు రాస్తే "అనువాదం సరిగ్గానే ఉంది" అని రెండు ముక్కల్లో జవాబిచ్చి టికెట్ క్లోజ్ చేశారు. మాటలు కరెక్టేనండీ, రోజే తప్పు, అది మీకు అర్థం కావాలనే ఇంత వివరంగా రాస్తన్నా.

మొదటిది. అక్టోబర్ 29 బుధవారం పొద్దున 7:10కి ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది, ఆయన ఇంగ్లీష్‌లో రాసింది "టుమారో నైట్, ఎరౌండ్ నైన్" వీడియోలో స్లాబులు చూపిస్తారా అని, మీ యాప్ నాకు చూపించింది "రేపు రాత్రి 9 గంటలకి". నేను బుధవారం పొద్దున చదివా కాబట్టి నాకు రేపంటే గురువారం, రాత్రి తొమ్మిదంటే గురువారం రాత్రి తొమ్మిది. కానీ ఆయన అది రాసినప్పుడు హ్యూస్టన్‌లో టైము ఎంత? మంగళవారం రాత్రి 8:40. ఆయన రేపు బుధవారం. ఆయన బుధవారం రాత్రి 9 అంటే మనకి గురువారం ఉదయం 7:30. నేను అనుకున్నదానికి, ఆయన అనుకున్నదానికి మధ్య పదమూడున్నర గంటల తేడా.

ఇందులో ఒకటి గమనించండి, ఆయన రాత్రి తొమ్మిది అడగడానికి కారణమే ఇక్కడ పగలు కావడం. గెలాక్సీ రాయి అంటే నల్ల రాయి మీద బంగారు చుక్కలు, పొద్దున పూట ఏటవాలు ఎండలో స్లాబు మీద నీళ్ళు కొట్టి చూపిస్తే చుక్క ఎంత ఒత్తుగా ఉందో, యాడన్నా గీత ఉందో తెలిసిపోతది. రాత్రి లైట్లకి అయితే మెరుపు తప్ప ఏమీ కనపడదు. రాత్రి పూట చూస్తా అంటాడేందిరా ఈయన అని నాకూ అనుమానం వచ్చింది, కానీ రాసింది స్పష్టంగా "రేపు రాత్రి" అని ఉంటే బయ్యర్ని ఎదురు అడగడం బాగోదని ఊరుకున్నా. ఫోకస్ లైట్లు అద్దెకి తెచ్చా, క్రేన్ ఆపరేటర్‌ని ఓవర్‌టైమ్ ఇచ్చి ఆపుకున్నా, ఇరవై ఎనిమిది స్లాబులు స్టాండుకి ఆనించి వరసగా పెట్టించా.

గురువారం పొద్దున ఆయన మూడుసార్లు వీడియో కాల్ చేశారు, ఫోన్ ఇంట్లో చార్జింగ్‌లో ఉంది, నేను 8:15కి చూసి "చెప్పండి సార్" అని పెట్టా, అప్పటికే అక్కడ రాత్రి పది దగ్గర పడతంది, జవాబు లేదు. ఏదో చేయి తగిలి కాల్ పోయిందేమో అనుకున్నా. ఇక రాత్రి తొమ్మిదికి అందరం రెడీగా నిలబడి మెసేజ్ పెడితే 9:10కి ఆయన జవాబు మీ యాప్‌లో ఇట్టా వచ్చింది: "నేను నిన్న రాత్రి నలభై నిమిషాలు వెయిట్ చేశాను". నిన్న రాత్రి నేను ఇంట్లో అన్నం తింటన్నా, ఏ కాలూ లేదు. ఆయన నిన్న రాత్రి నాకు ఈరోజు పొద్దున అని తెలుసుకునేసరికి ఇద్దరికీ గంట పట్టింది, ఈలోపు ఆయన నన్ను మాట మీద నిలబడని మనిషి కింద లెక్కేశారు. నాకు బాధ కలిగింది అక్కడేనండీ, లైట్ల అద్దె కాదు.

రెండోది ఇంకా చిక్కు. నవంబర్ 3 సోమవారం ఆయన "నెక్స్ట్ ఫ్రైడే నైట్, అదే నైన్ ఓ క్లాక్" అని పెట్టారు, మీ యాప్ "వచ్చే శుక్రవారం రాత్రి, అదే 9 గంటలకి" అంది. ఈసారి నేను జాగ్రత్త పడ్డా, వేళ్ళ మీద లెక్కేసి ఆయన శుక్రవారం రాత్రి 9 అంటే నాకు శనివారం ఉదయం 7:30 అని 8వ తేదీ పొద్దున్నే రెడీ అయ్యా, మధ్యాహ్నానికి ట్రైలర్ కూడా చెప్పి పెట్టా. ఎవరూ రాలేదు. సోమవారం నాడు మా వైపు ఎవర్నడిగినా వచ్చే శుక్రవారం అంటే ఆ వారంలో వచ్చేదే, నాలుగు రోజుల్లో. దాని తర్వాతది చెప్పాలంటే పై శుక్రవారం అంటాం, లేదా వచ్చే వారం శుక్రవారం అంటాం. ఆయన మాత్రం దగ్గర్లో ఉన్నది "దిస్ ఫ్రైడే", దాని తర్వాతది "నెక్స్ట్ ఫ్రైడే", నేను చెప్పింది 14వ తేదీ అన్నారు. తర్వాత మా బామ్మర్ది డల్లాస్‌లో ఉంటాడు, వాడిని అడిగితే అక్కడ వాళ్ళలో వాళ్ళకే ఇది కుదరదంట, కొందరికి నెక్స్ట్ ఫ్రైడే అంటే ముందొచ్చేదే, కొందరికి పై వారంది. అంటే ఇక్కడ మీరు ఏ తెలుగు మాట వేసినా గుడ్డిగా వేసినట్టే. "పై శుక్రవారం" అని వేసుంటే ఈ బయ్యర్ విషయంలో సరిపోయేది, ఇంకో బయ్యర్‌తో తప్పేది. ట్రైలర్‌కి రెండు రోజులు హాల్టింగ్ కట్టి ఖాళీగా పంపించా.

అదీగాక నా వేళ్ళ లెక్క కూడా తప్పే. అమెరికాలో నవంబర్ 2 ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి తిప్పారు, అంతకుముందు హ్యూస్టన్‌కి మనకి పదిన్నర గంటల తేడా, ఆ రోజు నుంచి పదకొండున్నర. మనకి ఇట్టా తిప్పడం లేదు కాబట్టి మనకి తట్టదు. ఆయన 7వ తేదీ అనే ఉన్నా నేను 7:30కి కూర్చుని గంట కాచుకోవాల్సిందే, ఆయన తొమ్మిది నాకు 8:30.

మూడోది నా మాటే వెనక్కి తిరిగింది. 15వ తేదీ శనివారం పొద్దున 8:30కి ఎట్టకేలకి ఇన్‌స్పెక్షన్ అయిపోయి సరుకు ఓకే అయ్యాక, "ఆదివారం రాత్రి రెండింటికి లారీ చెన్నై బయల్దేరుద్ది" అని పెట్టా. మనకి తెల్లారితేనే కదా రోజు మారేది, పంచాంగంలో కూడా వారం సూర్యోదయం నుంచే లెక్క, ఆదివారం పడుకుని మధ్యలో లేచే రెండు గంటలు మనకి ఆదివారం రాత్రే. క్యాలెండర్ ప్రకారం అది సోమవారం 17, తెల్లవారుజామున 2. మీ యాప్ ఆయనకి "సండే టూ ఏయమ్" అని పంపింది, సరిగ్గా ఒక రోజు ముందు. ఆయన ఆదివారమే చెన్నైలో ఏజెంట్‌కి ఫోన్ చేసి బండి యాడుందని అడిగారంట.

ఇప్పుడు నేను అడిగేది చెప్తా. మీ దగ్గర ఆ మెసేజ్ ఎప్పుడు రాసిందీ ఉంది, ఆ ఫోన్ ఏ టైమ్ జోన్‌లో ఉందీ ఉంది, నా ఫోన్‌ది కూడా ఉంది. "రేపు"ని లెక్కగట్టాల్సింది రాసినాయన గడియారంతో, రాసిన క్షణం నుంచి, నేను చదివినప్పటి నుంచి కాదు. నెట్ లేక మెసేజ్ లేటుగా వచ్చినా అంతే, నేను మరుసటి రోజు మా సూపర్‌వైజర్‌కి ఫార్వర్డ్ చేసినా అంతే, వాడు చదివే రోజుకి రేపు మారిపోకూడదు. లెక్కగట్టినాక ఆయన మాట తీసేసి తేదీ పెట్టొద్దు, మాట అట్టాగే ఉంచి కింద చిన్న లైను చూపించండి, "హ్యూస్టన్‌లో బుధవారం 29 రాత్రి 9, మీకు గురువారం 30 ఉదయం 7:30" అని. మీ లెక్క తప్పినా ఆయన అసలు మాట నా కళ్ళ ముందు ఉంటది, ఆ లైనే ఆయనకి కూడా కనపడితే ఆయనే పట్టేస్తాడు. ఒక్కోసారి ఆయన మన మీద దయతో మన రాత్రి లెక్కలోనే రాసుండొచ్చు, అది ఏ యాప్‌కీ తెలీదు, ఇద్దరికీ రెండు టైములు కనపడితేనే బయటపడుద్ది.

తేడాని పదిన్నర, పదకొండున్నర అని గుర్తుపెట్టుకోవద్దు, ఊరి జోన్ పేరుతో పెట్టుకోండి. మా బామ్మర్ది సాఫ్ట్‌వేర్‌లోనే, హ్యూస్టన్‌కి `America/Chicago`, మనకి `Asia/Kolkata` అని పెడితే గంట తిప్పే తేదీలు కూడా దాంట్లోనే వస్తాయంట, కలవాల్సిన రోజుకి ఉండే తేడానే వాడాలంట, మెసేజ్ పంపిన రోజుది కాదు. అక్టోబర్ 30న నవంబర్ 7 గురించి మాట్లాడుకునేవాళ్ళకి ఇది చాలా అవసరం.

ఇక "నెక్స్ట్ ఫ్రైడే" లాంటివి, "రాత్రి రెండింటికి" లాంటివి లెక్కతో తేలవు. అవి రాసినాయన్నే అడగాలి, పంపక ముందే, "7వ తేదీనా 14వ తేదీనా" అని రెండు బటన్లు చూపించి. నన్ను "శనివారం రాత్రి తెల్లారితే ఆదివారమా, ఆదివారం రాత్రి తెల్లారితే సోమవారమా" అని అడిగినా ఒక్క సెకనులో నొక్కేవాడిని. చదివేవాణ్ణి అడిగితే లాభం లేదు, వాడికి తెలిసేదే మీరు రాసింది. ప్రతి మెసేజ్‌కీ అడగమనట్లేదు, విసుగొచ్చి ఆపేస్తారు, మనిషి తేదీ వేయకుండా వారం పేరు రాసినప్పుడు, అర్ధరాత్రి దాటిన టైము రాసినప్పుడు అడిగితే చాలు.

ఆరు స్క్రీన్‌షాట్లు జత చేశా, ఒక్కోదానికి ఆయన ఫోన్‌లో టైము, నా ఫోన్‌లో టైము పక్కనే రాశా, బయ్యర్ పేరు, నంబర్ చెరిపేశా. లైట్లకి, ఓవర్‌టైమ్‌కి, హాల్టింగ్‌కి అయిన బిల్లులు కూడా ఉన్నాయి, డబ్బులు అడగడానికి కాదు, ఏం జరిగిందో మీకు కనపడాలని. నా ప్లాన్ డిసెంబర్ 5 రాత్రి 11:59కి, ఇండియా టైము ప్రకారం, అయిపోద్ది. ఈ టికెట్‌ని మళ్ళీ తెరిచి, పైన చెప్పిన మూడింటిలో ఏది చేస్తారో ఏది చేయరో ఆలోపు రాయండి, అంతవరకు బయ్యర్‌కి తేదీ, టైము, ఊరు అంకెలతో నేనే రాసుకుంటా.

ఇట్లు,
చీమకుర్తి నుంచి మీ కస్టమర్