‘తెచ్చినాడు’ తప్పెలా అయింది?

సంపాదకులకు నమస్కారం.

ఆరో తరగతి చదువుతున్న మా మనవరాలు సొంతంగా రాసిన వ్యాసంలో ‘తాత సంతకెళ్ళి సేపలు తెచ్చినాడు’ అనే వాక్యం ఉంది. ఉపాధ్యాయులు ‘సేపలు’కీ ‘తెచ్చినాడు’కీ ఎర్ర సున్నాలు చుట్టి, పక్కన ‘మోటు భాష’ అని రాశారు. నేను కూడా ఈ జిల్లాలో చాలా ఏళ్ళు తెలుగు చెప్పి, అలాంటి సున్నాలు ఎన్నో చుట్టినవాణ్ణి గనుక, ఈ లేఖ ఆ ఉపాధ్యాయుల మీద ఫిర్యాదు కాదు. ఆ రెండు సున్నాలూ ఒకటి కావని మాత్రం చెప్పదలచుకున్నాను.

‘చేప’ను ‘సేప’ అనడం మన ఉత్తరాంధ్ర ఉచ్చారణ. రాతలో ‘చ’ రాయాలన్నది అందరూ ఒప్పుకున్న కట్టుబాటు కాబట్టి, దాన్ని పిల్లకు నేర్పవలసిందే. ‘తెచ్చినాడు’ సంగతి వేరు. ‘తెచ్చినవాడు’ అన్న పాత రూపం నుంచి ‘తెచ్చినాడు’ వచ్చింది. దాన్ని ఇంకా కుదిస్తే కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో ‘తెచ్చాడు’ అయింది, తెలంగాణలో ‘తెచ్చిండు’ అయింది. అంటే మనమూ, రాయలసీమవారూ పలికేదే మూలానికి దగ్గరగా ఉన్న రూపం. వందేళ్ళ కిందట గ్రాంథికవాదులు గ్రామ్యమని ఈసడించినది ‘తెచ్చాడు’నే, ‘తెచ్చినాడు’ను కాదు. ఈనాడు తీర్పు తలకిందులైంది, మాటలు మాత్రం అవే.

పాతదే ఒప్పని నా వాదన కాదు. అలా అంటే ‘సేప’ దగ్గర నేనే ఓడిపోతాను. కుదించడమే తప్పనుకుందామన్నా కుదరదు. ‘పోయినాడు’లో ‘యి’ని మనం వదిలేసి ‘పోనాడు’ అంటాం, కృష్ణా, గోదావరి వాళ్ళు ‘న’ను వదిలేసి ‘పోయాడు’ అంటారు. ‘ఏమిటి’ని వాళ్ళు ‘ఏంటి’ చేశారు, మనం ‘ఏటి’ చేశాం. పని ఒకటే అయినా ఒకటి సినిమాలో కథానాయకుడి మాట, రెండోది అతని పక్కనుండే హాస్యగాడి మాట. భాషలో కనిపించే కారణమేదీ ఈ తేడాకు సరిపోదు.

కారణం భాషకు బయట ఉంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు పూర్తయ్యాక డెల్టాలో పంటా డబ్బూ పెరిగాయి. వాటి వెనకే ఇంగ్లీషు చదువులు, అచ్చుయంత్రాలు, ప్రచురణ సంస్థలు వచ్చాయి. పత్రిక నడిపినవారు తమ ఇంట్లో మాట్లాడే రూపాన్నే అచ్చువేశారు. పాఠ్యపుస్తకాలూ, రేడియో, సినిమా దాన్నే అందుకున్నాయి. రోజూ అచ్చులో కనబడేది కొన్నాళ్ళకు ఒక ప్రాంతపు మాటగా తోచదు, ‘మామూలు తెలుగు’గా తోస్తుంది. ‘యాస’ అనేది మిగిలినవారికే అంటుకుంటుంది. గుంటూరు యాస అని ఎగతాళి చేయగా మీరు ఎన్నిసార్లు విన్నారు?

ఇందులో మనవాళ్ళ పాత్రా ఉంది, అది కొంచెం ఇబ్బందిపెట్టే సంగతే. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారూ, విజయనగరంలో ఉండి 1914లో అసమ్మతి పత్రం రాసిన గురజాడ అప్పారావు గారూ గ్రాంథికం పట్టు సడలించడానికి పోరాడినవారు. అయితే గిడుగు వారు అడిగినది అందరి వాడుకనూ కాదు, ‘శిష్ట వ్యావహారికా’న్ని, అంటే చదువుకున్నవారి వాడుకను. ఆ శిష్టులు ఏ ఊరివారన్నది ఆ మాటలో లేదు. ఆయన కాలంలో మన జిల్లాల చదువరులూ వారిలో ఉన్నారు. ‘వచ్చేడు’ అని రాసిన ఉత్తరాంధ్ర రచయితలు ఆ తరవాత కూడా ఉన్నారు. నిజానికి ఆ మాటలో పలికే అచ్చు ‘ఏ’కీ ‘ఆ’కీ నడుమ ఉంటుంది, దానికి మన లిపిలో అక్షరమే లేదు. రెండు రాతల్లో ‘వచ్చాడు’ స్థిరపడింది. ఉద్యమం మనది, గెలిచిన రూపం మనది కాలేదు. ఏటా ఆగస్టు 29న సభల్లో గిడుగు వారికి దండలు వేసి, మర్నాడు తరగతిలో ‘తెచ్చినాడు’కు సున్నా చుడుతున్నాం.

నేను కోరేది చిన్నది. అచ్చుకు ఒక ఉమ్మడి రూపం ఉండాలి, పిల్లలు దాన్ని నేర్చుకోవాలి, పోటీ పరీక్షలకూ అది అవసరం. కానీ జవాబుపత్రాలు దిద్దేవారికి విద్యాశాఖ ఇచ్చే సూచనల్లో అక్షరదోషం వేరు, ప్రాంతీయ రూపం వేరు అని స్పష్టంగా ఉండాలి. ‘సేప’ దగ్గర ‘చ’ రాయమని చెప్పండి. ‘తెచ్చినాడు’, ‘వచ్చినాడు’ వంటి వాటికి మార్కు కోయకండి. ‘పుస్తకంలో ఇలా రాస్తారు’ అని పక్కన ‘తెచ్చాడు’ అని రాస్తే చాలు. ‘మోటు’ అన్న మాట మాత్రం పిల్లల నోటుపుస్తకాల మీద రాయవద్దు. మా మనవరాలు ఆ సాయంత్రం నన్ను అడిగింది, ‘తాతా, నువ్వు మోటుగా మాట్లాడతావా?’ అని.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా