గీత కొట్టేసిన ధర మీద శాతం వద్దు

సంపాదకులకు నమస్కారం.

పండగ సేల్ ప్రకటనల్లో శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఏ ధర మీద లెక్కగట్టారన్నది మాత్రం సరిగా చెప్పరు. పక్కన గీత కొట్టి చూపించేది చాలాసార్లు పెట్టె మీద అచ్చువేసిన పై ధర. మామూలు రోజుల్లో కూడా ఆ ధరకి అమ్మరు. కాబట్టి కొనేవాళ్లు పోల్చుకోవాల్సింది గీత కొట్టిన ధరతో కాదు, సేల్‌కి ముందు ఆ వస్తువు నిజంగా అమ్ముడైన ధరతో. ఆ ధరని ఎవరికి వాళ్లే రాసి పెట్టుకోవాలి.

ఆరు వారాల ముందు మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు చూసి తేదీతో రాసుకుంటే 12 అంకెలు చేతిలో ఉంటాయి. రెండు వారాలు సరిపోవు. ధర పెంచి తర్వాత తగ్గించే పని సాధారణంగా చివరి రోజుల్లోనే జరుగుతుంది. అప్పుడు మొదలుపెడితే పెంచిన ధరే మామూలు ధరలా కనిపిస్తుంది. రాసుకునేది వస్తువు ఇంటికొచ్చి బిగించేదాకా అయ్యే మొత్తం. కార్డు తగ్గింపు, పాత వస్తువు మార్పిడి విలువ అందులో కలపకూడదు. అవి వేరే షరతుల మీద వచ్చేవి, వాటికి పక్కన ఇంకో గడి పెట్టుకోవాలి. సరుకు లేని రోజున పాత ధరనే మళ్లీ రాయకుండా ‘లేదు’ అని రాసి, దొరికాక మళ్లీ చూడాలి.

ఒక వాషింగ్ మెషీన్‌ని తీసుకుందాం. గీత కొట్టిన ధరని 100 అనుకుంటే, ఆరు వారాల్లో రాసుకున్నవి వరసగా ఇవి: 70, 70, 72, 70, 68, 70, 70, 72, 70, 84, 84, 84. సేల్ రోజు ధర 66. ప్రకటనలో ‘34 శాతం తగ్గింపు’.

ఈ 12 అంకెల్నీ చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే మధ్యలో వచ్చే రెండూ 70. మామూలు ధర అదే. 70 నుంచి 66కి దిగితే మిగిలేది 4, అంటే ఆరు శాతం లోపే. అన్నిటికన్నా తక్కువగా దొరికిన 68తో పోలిస్తే మూడు శాతం కూడా లేదు. ఇక్కడ చాలామంది సగటు తీస్తారు, అది పొరపాటు. సగటు 73.7 వస్తుంది, తగ్గింపు పది శాతం దాటినట్టు కనిపిస్తుంది. చివరి మూడు 84లు సగటుని పైకి లాగేశాయి. మధ్య అంకెని కదిలించలేకపోయాయి. మధ్య అంకెని పట్టుకోమనేది అందుకే.

ఈ మెషీన్ సేల్‌ని మోసం అనలేం, నాలుగు మిగిలినా మిగిలినట్టే. అయితే వచ్చే ఏడాది కొనాల్సినదాన్ని ఇప్పుడే కొనడానికి ఆ నాలుగు కారణం కాదు.

లెక్క తప్పేది ఎక్కువగా మోడల్ నంబర్ దగ్గర. పేరు, రంగు, కెపాసిటీ ఒకటే ఉండి చివరి అక్షరం మారితే లోపల మోటారో వారంటీయో మారి ఉండొచ్చు. ఆరు వారాలు ఒకదాన్ని చూసి సేల్‌లో ఇంకోదాన్ని కొంటే ఆ పుస్తకం ఎందుకూ పనికిరాదు. నంబర్ని చివరి అక్షరం దాకా, అమ్మేవారి పేరుతో సహా మొదటి రోజే రాసుకోవాలి. ఈ మధ్యలో కొత్త మోడల్ విడుదలైతే పాతదాని ధర సేల్ లేకపోయినా దిగుతుంది, ఆ తగ్గుదలని సేల్ ఖాతాలో వేయకూడదు.

ప్రతి కుటుంబం ఇలా పుస్తకం పెట్టుకోవాల్సి రావడమే అన్యాయం. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి, ధర తగ్గించామని చెప్పే వ్యాపారి అంతకుముందు కనీసం 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరని చూపించాలి. దీన్నీ చిన్న అక్షరాల్లో దాటేసే ప్రయత్నం జరిగింది. జర్మనీలో ఒక సూపర్‌మార్కెట్ అరటిపళ్లని 1.69 యూరోల నుంచి 1.29కి తగ్గించామని, 23 శాతం తగ్గింపని ప్రకటించింది. 30 రోజుల కనిష్ఠ ధర కూడా 1.29 అని ఆ ప్రకటనలోనే కింద ఉంది! ఆ కనిష్ఠ ధరని ఊరికే పక్కన వేస్తే చాలదని, శాతాన్నీ దాని మీదే లెక్కగట్టాలని యూరప్ న్యాయస్థానం 2024 సెప్టెంబర్‌లో తేల్చింది.

ఇలాంటి నిబంధన లేని చోట పత్రికలు ఒక పని చేయవచ్చు. శాతం వేసిన ప్రతి సేల్ ప్రకటనలో, గత 30 రోజుల కనిష్ఠ ధరని తేదీతో సహా అంతే పెద్ద అక్షరాల్లో ఇమ్మని ప్రకటనదారుల్ని అడగండి. మీ పత్రిక వచ్చే సేల్ నుంచే ఇది మొదలుపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు