ఎంపీ4 ఫైలుకు బొమ్మ వస్తోంది, శబ్దం రావడం లేదు: మీ టీవీ స్పీకర్ మార్చడం గురించి ఫిర్యాదు

టీవీ కంపెనీ వినియోగదారుల విభాగం వారికి,

విషయం: 43 అంగుళాల టీవీలో పెన్‌డ్రైవ్ ద్వారా పెళ్లి వీడియో వేస్తే శబ్దం రాకపోవడం, స్పీకర్ బోర్డు పోయిందని మీ సర్వీసు వారు చెప్పడం.

అయ్యా,

మాది పర్లాకిమిడిలో పెళ్లి వీడియోల స్టూడియో. ఊళ్లోవారే కాదు, పక్కనున్న పాతపట్నం వారూ మా దగ్గర వీడియోలు తీయిస్తారు. ఈ టీవీ ఒక కస్టమర్‌ది. మీ మెకానిక్ వచ్చి చూసి, స్పీకర్ బోర్డు మార్చాలని రాసిచ్చి, విజిట్ ఛార్జీ తీసుకున్నారు. బోర్డు బాగానే ఉంది. ఎలా తెలుసో వివరంగా రాస్తున్నాం.

పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్లున్నాయి, రెండూ ఎంపీ4లే. ఒకటి మేం ఎడిట్ చేసిన హైలైట్స్. అది వేస్తే సన్నాయి నుంచి మంత్రాల దాకా అన్నీ వినిపిస్తాయి. రెండోది కెమెరా కార్డు నుంచి నేరుగా కాపీ చేసిన ఫైలు, C0012.MP4. ఇందులో సన్నాయి వాయించేవాడి బుగ్గలు ఉబ్బడం కనిపిస్తుంది, డోలు మీద పుల్ల పడడం కనిపిస్తుంది, చప్పుడు మాత్రం ఉండదు. స్పీకరే పోయి ఉంటే మొదటి ఫైలు ఎలా వినిపించింది?

ఎంపీ4 అనేది క్యారేజీ లాంటిది. ఒక గిన్నెలో బొమ్మ, ఇంకో గిన్నెలో శబ్దం పెట్టి, ఏది ఎప్పుడు వడ్డించాలో రాసి ఉంచుతుంది. దాన్నే కంటైనర్ అంటారు. గిన్నెలో శబ్దాన్ని ఏ పద్ధతిలో దాచారన్నది కోడెక్ సంగతి. క్యారేజీ మీది పేరు చూసి లోపల పప్పుందో పులుసుందో చెప్పలేం. అందుకే ఫైలు పేరు చివర .MP4 తీసేసి .mkv అని పెట్టినా ఏమీ మారదు. అదీ చేసి చూశాం.

లోపల ఏముందో చూడడానికి కంప్యూటర్లో ఈ కమాండ్ ఇచ్చాం:

```
ffprobe -hide_banner C0012.MP4
```

హైలైట్స్ ఫైలుకు శబ్దం వరుసలో `aac` అని వచ్చింది. కెమెరా ఫైలుకు `pcm_s16be`, `48000 Hz`, `1536 kb/s` అని వచ్చింది. ఏఏసీ అంటే కుదించిన శబ్దం. పీసీఎం అంటే అసలు కుదించనిది: సెకనుకు 48,000 సార్లు తీసిన కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, రెండు ఛానళ్లు. ఈ మూడింటినీ గుణిస్తే సరిగ్గా ఆ 1536 కిలోబిట్లే వస్తాయి.

మాకు వింతగా అనిపించింది ఇక్కడే. పీసీఎంను విప్పడానికి ప్రత్యేకమైన డీకోడర్ అక్కర్లేదు, అది ముందే విప్పి ఉన్నది. అయినా మీ టీవీ మాట్లాడదు. అదే శబ్దాన్ని ఎంపీ4లోంచి బయటికి తీసి వేవ్ ఫైలుగా పెట్టి చూశాం:

```
ffmpeg -i C0012.MP4 -vn C0012.wav
```

ఇదీ పీసీఎమ్మే, బైట్ల వరుస ఒక్కటే తిరగబడుతుంది. అదే పెన్‌డ్రైవ్ నుంచి, అదే స్పీకర్లో, సన్నాయి చక్కగా వినిపించింది. ఆ కెమెరా ఫైలునే ల్యాప్‌టాప్‌లో ప్లే చేసి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి ఇచ్చినా వినిపించింది. కాబట్టి స్పీకరూ, బోర్డూ, పీసీఎంను వాయించే పని, మూడూ బాగున్నాయి. ఎంపీ4ను చదివే మీ యూఎస్‌బీ ప్లేయర్, దాని లోపలున్న పీసీఎంను పట్టించుకోవడం లేదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం, సామాను లోపం కాదు.

ప్రస్తుతానికి కస్టమర్‌కు మేం శబ్దం మార్చి ఇచ్చాం:

```
ffmpeg -i C0012.MP4 -c:v copy -c:a aac -b:a 192k C0012_TV.mp4
```

`-c:v copy` అన్నందువల్ల బొమ్మను మళ్లీ కుదించదు, ఉన్నదున్నట్టు కాపీ చేస్తుంది. పని త్వరగా అయిపోతుంది, బొమ్మ నాణ్యత తగ్గదు. `-c:a copy` అని పెడితే మాత్రం పాత పీసీఎమ్మే వస్తుంది, టీవీ మళ్లీ మూగబోతుంది. కొత్త ఫైలు వచ్చిందని అసలుదాన్ని చెరిపేయొద్దని కస్టమర్‌కు చెప్పాం, ఎందుకంటే ఏఏసీలో పోయిన వివరం తిరిగి రాదు. కానీ ప్రతి పెళ్లికీ వందల క్లిప్పులుంటాయి. టీవీ కొన్నవాళ్లందరూ ఈ కమాండ్లు నేర్చుకోవాలా?

మీ పుస్తకంలో "ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ ఆడతాయి" అని మాత్రమే ఉంది. ఇవన్నీ క్యారేజీల పేర్లు. ఏ కంటైనర్‌లో ఏ ఆడియో కోడెక్ వినిపిస్తుందో పట్టిక ఇవ్వండి. తెర మీద ఏ సందేశమూ లేకుండా మౌనంగా ఉండే బదులు "ఈ ఫైలులోని పీసీఎం శబ్దం వినిపించదు" అని చూపించండి. తర్వాతి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో ఎంపీ4లోని పీసీఎంను చేర్చండి. కస్టమర్ కట్టిన విజిట్ ఛార్జీ తిరిగి ఇచ్చి, బోర్డు మార్చాలన్న రిపోర్టును రద్దు చేయండి.

రెండు ఫైళ్లూ, ffprobe చూపించిన వివరాలూ ఉన్న పెన్‌డ్రైవ్ ఈ లేఖతో జత చేశాం. మీ ఇంజినీరు ఈ మోడల్ టీవీలోనే వేసి చూడాలి. మొబైల్లోనో కంప్యూటర్లోనో వేసి "బాగానే ఉంది" అని జవాబు రాయొద్దు.

ఇట్లు,
స్టూడియో నిర్వాహకులు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా