హోదా పేరు మార్చం, పక్కన పని పేరు రాస్తాం

"సార్, కంపెనీ లెటర్లో నన్ను సీనియర్ ప్రాసెస్ ఎగ్జిక్యూటివ్ అన్నారు. నేను చేసేదేమో అకౌంట్స్. రెజ్యూమెలో అకౌంటెంట్ అని మార్చేయండి."

మార్చం. మా రెజ్యూమె షాపులో ఇదివరకు మార్చేవాళ్లం, ఆ తప్పు మాదే.

నిరుడు ఒకమ్మాయికి అలాగే 'అకౌంటెంట్' అని కొట్టిచ్చాం. ఇంటర్వ్యూ అయింది, ఆఫర్ వచ్చింది. తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు పాత కంపెనీ హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ అడిగారు. తేదీలు కలిశాయి, హోదా కలవలేదు. పాపం, రిలీవింగ్ లెటరు జతచేసి వివరణ పంపి పదిరోజులు ఎదురుచూసింది. ఉద్యోగం దక్కింది గానీ, ఆ పదిరోజులూ ఆమె ఫోన్ వస్తే ఎత్తడానికి నాకే భయమేసేది. తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాం.

ఇప్పుడు ఆ వరుస ఇలా రాస్తున్నాం: సీనియర్ ప్రాసెస్ ఎగ్జిక్యూటివ్ – అకౌంట్స్ పేయబుల్. గీతకి ముందున్నది లెటర్లోది, అందులో అక్షరం మారదు. తర్వాతది చేసిన పని. దాని కింద ఒక్క వాక్యం: సప్లయర్ల బిల్లులు పర్చేజ్ ఆర్డరుతోనూ సరుకు అందిన రసీదుతోనూ సరిచూసి పేమెంటుకి పంపడం. ఆ అమ్మాయి జీఎస్టీ రిటర్నులు వేయలేదు, బ్యాలెన్స్ షీటు ముట్టుకోలేదు. అందుకే 'ఫైనాన్స్' అన్న పెద్దమాట కూడా వాడలేదు. గీత తర్వాత పని పేరే ఉంటుంది. 'లీడ్', 'హెడ్' లాంటి హోదా మాటలు అక్కడికి రానివ్వం, ఎంత బతిమాలినా.

తిరగేసిన కేసూ ఉంది. చిన్న స్టార్టప్‌లో ఒకాయన్ని 'బిజినెస్ హెడ్' అన్నారు, కింద ఒక్క మనిషీ లేడు. జీతం పెంచలేక పేరు పెంచే కంపెనీలు మనకి కొత్తేం కాదు. ఆయన సిగ్గుపడి 'సేల్స్ ఎగ్జిక్యూటివ్' అని తగ్గించమన్నాడు. తగ్గించినా లెటర్‌తో తేడా తేడాయే కదా! 'బిజినెస్ హెడ్ – ఫీల్డ్ సేల్స్, టీమ్ లేదు' అని రాశాం. టీమ్ సంగతి కాగితం మీద ఎందుకని గునిశాడు. ఇంటర్వ్యూలో "మీ కింద ఎంతమంది?" అని ఎలాగూ అడుగుతారు. అక్కడ నీళ్లు నమలడం కన్నా ముందే చెప్పడం మేలని ఒప్పించాను.

ఒక్క జాగ్రత్త. ఆన్‌లైన్ దరఖాస్తులో హోదా అడిగిన గడిలో లెటర్లో ఉన్న మాట మాత్రమే కొట్టండి. గీత, పని పేరు అక్కడొద్దు. నౌక్రీలో అయితే పని పేరుని పైన హెడ్‌లైన్లో పెట్టుకోవచ్చు.

షాపుకొచ్చేటప్పుడు ఆఫర్ లెటరు, ప్రమోషన్ వచ్చి ఉంటే ఆ లెటరు, రిలీవింగ్ లెటరు పట్టుకురండి. మధ్యలో హోదా మారినవాళ్లకి రెండూ వేర్వేరు తేదీలతో రాస్తాం. గతంలో మేం హోదా మార్చి రాసిన రెజ్యూమె మీ దగ్గరుంటే తీసుకురండి, ఊరికే సరిచేసి ఇస్తాం.