సొమ్ము సరిపోయింది, తేదీలే సరిపోలేదు

సంపాదకుల వారికి,

సహకార సంఘంలో సొమ్ము పోయిందన్న వార్త వస్తే చాలు, ‘ఆడిటర్ ఏం చేస్తున్నాడు?’ అంటారు. అడగాల్సిందే. మా విజయనగరం జిల్లాలో నేను ఆడిట్ చేసిన ఒక సంఘం సంగతి చెబుతాను.

అక్కడ ఎరువుల డబ్బుకి రసీదు రాసేదీ, బ్యాంకులో కట్టేదీ, లెడ్జరులో ఎక్కించేదీ ఒకే గుమస్తా. మోసం వెనక మూడు ఉంటాయంటారు. మొదటిది అవకాశం, అది ఎదురుగానే ఉంది. ఐదు నెలలుగా జీతం రాలేదని టీ తాగుతూ అన్నాడు. అది ఒత్తిడి. మూడోది, తప్పు చేయట్లేదని మనసుకి చెప్పుకునే సాకు. అది ఏ కాగితంలోనూ దొరకదు. మూడూ కనబడేదాకా ఆగే ఆడిటర్‌కి ఏదీ దొరకదు.

రసీదు నకళ్లు, బ్యాంకు చలానాలు పక్కపక్కన పెట్టాను. ప్రతి రసీదూ చివరికి జమైంది. కానీ జూన్ వసూళ్లు మర్నాడే జమైతే, ఆగస్టువి 4 రోజులకి, అక్టోబరువి 19 రోజులకి జమయ్యాయి. ఇవాళ్టి రైతు డబ్బుతో నిన్నటి రైతు లోటు పూడుస్తున్నాడన్నమాట. ఒక్కరోజు సెలవు పెట్టినా బయటపడుతుంది. అతను సెలవే పెట్టడని మేమంతా మెచ్చుకునేవాళ్లం!

అడిగితే, ‘నా జీతమే కదా సార్ వాడుకున్నాను’ అన్నాడు.

గతంలో నిజాయతీగా ఉన్నారని సందేహం వదిలేయకూడదని ఆడిటింగ్ ప్రమాణం ఎస్ఏ 240 చెబుతుంది. నేను మూడేళ్లు వదిలేశాను. సంఘాల పాలకవర్గాలు కనీసం రసీదు రాసే మనిషినీ, బ్యాంకుకి వెళ్లే మనిషినీ వేరు చేయాలి. జీతాలూ నెలనెలా ఇవ్వాలి.

– ఒక విశ్రాంత ఆడిటర్, బొబ్బిలి